కిలోమీటరుకు రెండున్నర

జాతకాల మీద, వాస్తు మీద, బాబాల మీద నేను ఊరూరా తిరిగి వాదించినవాణ్ణి. ఎంతమందిని మార్చానో తెలియదు కానీ నా గొంతు మాత్రం బాగా పెద్దదయింది. అలాంటి నేను ఏటా దసరాకు ఒక ఆయుధ పూజకు తప్పకుండా వెళతానంటే మిత్రులు నవ్వుతారు. చిలకలూరిపేట దగ్గర మా అక్కావాళ్ల కారం మిల్లులో జరిగే పూజ అది.

అక్కడ మర ఆడించేది అక్క. నాలుగు చక్రాల చిన్న ట్రాలీలో కారం వేసుకుని గుంటూరు హాస్టళ్లకూ, ఒంగోలు వైపు పచ్చళ్లు పెట్టేవాళ్లకూ చేర్చేది బావ. పూజనాడు బావ ట్రాలీకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కర్పూరం వెలిగిస్తాడు. హారతి కళ్లకద్దుకున్నాక అక్క తలుపు తీసి లోపలికి వంగి మీటరు చదువుతుంది. ఆ పూజలో నాకు నచ్చిన మంత్రం ఆ అంకె ఒక్కటే.

బండి కొన్ననాడే అక్క ఒక లెక్క వేసింది. ధర ఆరు లక్షలు. బాగా వాడేశాక అమ్మితే లక్షయినా వస్తుంది. అంటే మన చేతిలో అరిగిపోయేది ఐదు లక్షలు. మెకానిక్‌ని అడిగితే, జాగ్రత్తగా తోలితే రెండు లక్షల కిలోమీటర్లు తిరుగుతుందన్నాడు. కిలోమీటరుకు రెండున్నర రూపాయలు. బావ ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకముందే లోపలినుంచి కేక వినపడేది.

“ఏవండీ, మీటరెంత?”

“మంచినీళ్లిస్తావా, ముందు జడ్జిమెంటిస్తావా?”

“నీళ్లు కుండలో ఉన్నాయి. మీటరు బండిలో ఉంది. చెప్పి తాగండి.”

తిరిగినంత దూరానికి రెండున్నర చొప్పున విడిగా తెరిచిన బ్యాంకు ఖాతాలో పడేది. టైర్లు, బ్రేకులు, ఆయిలు లాంటివి రోజువారీ ఆదాయంలోనే చూసుకోవాలి. ఈ ఖాతా జోలికి వెళ్లకూడదు. “నెలకింత అని వేసుకోవచ్చుగా?” అని ఒకసారి అడిగాను.

“ఒరేయ్, వేసవిలో బండి గానుగెద్దులా తిరుగుతుంది. వానల్లో గోడకానుకుని నిద్రపోతుంది. నిద్రపోయిన బండికి అరుగుదలేముంటుందిరా? తిరిగినప్పుడే డబ్బులొస్తాయి, అప్పుడే తియ్యాలి.”

“మీ ఆడిటరు ఏటా తరుగుదల రాస్తాడుగా?”

“అది పన్ను కోసం. కాగితం మీద తరిగినంత మాత్రాన బ్యాంకులో పెరుగుతుందా?”

అర్థశాస్త్రం చదువుకున్న మిత్రులకు ఈ మాట చాలాసార్లు వినిపించాను.

దసరానాడు మీటరు చదివాక అక్క చేసే రెండో పని, కొత్త బండి ధర ఎంతకు చేరిందో షోరూముకు ఫోన్ చేసి కనుక్కోవడం. మనం పాత ధర పట్టుకుని దాచుకుంటూ కూర్చుంటే అది చేతికందకుండా పెరుగుతూ పోతుంది. అందుకని ఆ ఏటి ధరలోంచి ఇప్పటిదాకా దాచిందీ, పాతది అమ్మితే రాగలదీ తీసేసి, మిగిలినదాన్ని బండికి మిగిలిన కిలోమీటర్లతో భాగించేది. రెండున్నర మూడయింది. చివరి ఏడాదికి నాలుగు దాటింది. బావ గొణిగేవాడు, “బండి ముసలిదయ్యేకొద్దీ దీని ఆకలి పెరుగుతోందేమే!”

ఈ ఏడు మాఘంలో, కొత్త మిరపకాయ కల్లాలకు చేరుతున్న రోజుల్లో, ట్రాలీ నీలం పొగ వదలడం మొదలుపెట్టింది. మీటరు రెండు లక్షలకు దగ్గర పడింది. మెకానిక్ చూసి ఇంజను లోపల అరిగి బోరుకొచ్చిందన్నాడు. తొంభై వేలు పెడితే ఇంకో ముప్ఫై వేల కిలోమీటర్లు లాగుతుందట. అదే వారంలో పొన్నూరు బియ్యం వ్యాపారి ఒకాయన పొగ సంగతి తెలిసే లక్షా పదివేలకు అడిగాడు. దాచింది దానికి కలిపితే కొత్త బండి అప్పు లేకుండా ఇంటికొస్తుంది. ఇంజను దారిలో పట్టేస్తే ఆ ధర రాదు. అంతకంటే ముఖ్యం, ఆవకాయ రోజుల్లో బండి ఆగితే పచ్చళ్లవాళ్లు ఆగరు. వేరే మిల్లుకు పోతారు, మళ్లీ రారు. మిల్లు ఏడాది బతుకంతా ఆ రెండు నెలల్లోనే ఉంది.

బావ మాత్రం అమ్మనన్నాడు.

“కలిసొచ్చిన బండి. ఇది గుమ్మంలోకొచ్చాకే ఒంగోలు గిరాకీ తగిలింది. లక్ష్మిని ఎవరైనా పొన్నూరుకు పంపుకుంటారా? తొంభై వేలేగా, బాగుచేయిద్దాం.”

నాకింకేం కావాలి? లేచి నిలబడ్డాను. అదృష్టం పిస్టన్లో ఉంటుందా, సైలెన్సర్లో ఉంటుందా అని అడిగాను. మూఢనమ్మకం మీద నేను మాట్లాడుతూంటే పక్కింటివాళ్లు గోడమీంచి చూశారు. బావ చేతులు కట్టుకుని అంతా విన్నాడు.

“అయిందా బావమరిదీ? అయితే అన్నం తిందువుగాని రా. బండి అమ్మేది లేదు.”

అక్క నవ్వి నన్ను కూర్చోమంది.

“ఏవండీ, తొంభై వేలకు ముప్ఫై వేల కిలోమీటర్లంటే ఒక్క ఇంజనుకే కిలోమీటరుకు మూడు రూపాయలు. కొత్త బండి ఏడున్నర లక్షలు. ఆఖర్న లక్షా పాతికకు అమ్ముకుంటే దాని అరుగుదల మూడుకు కాస్త పైన. తేడా పావలా కూడా లేదు. కానీ పాతదానికి గేరుబాక్సు వెయిటింగ్‌లో ఉంది. తొట్టి అడుగున తుప్పు, వేలు పెడితే దిగుతోంది. అవి నేనింకా కలపనే లేదు.”

“లెక్క నాకూ వచ్చులే. లక్ష్మి సంగతి చెప్పు.”

“అదే చెబుతున్నా. ఇది మనకు సంపాదించి పెట్టిందా లేదా?”

“పెట్టింది.”

“తిరిగిన ప్రతి కిలోమీటరుకూ తన వాటా మనం తినకుండా పక్కన పెట్టామా లేదా?”

“నీళ్లు కూడా ఇవ్వకుండా పెట్టావు.”

“ఆ డబ్బుతోనే గదండీ కొత్తదొచ్చేది. మీరు తోలిన దారంతా అందులో ఉంది. లక్ష్మి పొన్నూరెందుకు పోతుంది? ఎప్పట్నించో బ్యాంకులో కూర్చుంది. పొన్నూరుకు పోయేది తుప్పు, ఆ నీలం పొగ.”

బావ ట్రాలీ వైపు చూశాడు. బానెట్ మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు. తర్వాత పకపకా నవ్వాడు.

“ఆయనకు ఫోన్ చెయ్యి. పొగ గురించి ఇంకోసారి చెప్పు, మళ్లీ మాట రాకూడదు.”

నా పెద్ద గొంతుతో చెయ్యలేనిది అక్క ఒక లెక్కతో, ఒక లక్ష్మితో చేసింది. లక్ష్మి మీద నాకిప్పటికీ అభ్యంతరం ఉంది. లెక్క మీద లేదు.

కొత్త ట్రాలీ వచ్చిన ఉదయం నేనక్కడే ఉన్నాను. బావ పాతదానికి కట్టిన నల్లతాడు విప్పి దీనికి కట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఒక పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“తిప్పి కొట్టు బావమరిదీ. నీకే దిష్టి ఎక్కువ తెలుసు.”

“రోడ్డు మీద కొడితే మోటారుసైకిళ్లు జారిపడతాయి బావా. ఇది దిష్టి మాట కాదు, ప్రాణాల మాట.”

“అయితే తిప్పొద్దు” అంటూ అక్క కాయ లాక్కుంది. “తిప్పని కాయ తినొచ్చు. వడియాలు పెడతా.”

బావ నోరు తెరిచాడు. “దిష్టెట్లా పోతుందే?”

“నిమ్మకాయలున్నాయిగా! వాటికీ కాస్త పని చెప్పండి.”

నిమ్మకాయలు చితికాయి. బండి కదిలింది. బావ పక్కన నేను కూర్చుని చిలకలూరిపేట సెంటరు దాకా వెళ్లి, ముగ్గురికీ జిలేబీ కొనుక్కుని తిరిగొచ్చాం. దారంతా బావ అవసరం లేకపోయినా హారన్ కొడుతూనే ఉన్నాడు.

వాకిట్లో మంచం మీద కూర్చుని అక్క వడియాలకు గుమ్మడికాయ ముక్కలు కోస్తోంది. మేం ఇంకా దిగనే లేదు. తల కూడా ఎత్తకుండా అడిగింది:

“ఏవండీ, మీటరెంత?”