అయిపోయినట్టే

మా యూనిట్లో నాకొక సహోద్యోగి ఉన్నాడు. ఆయన గొంతు విప్పితే ఎక్కడో అవతలి ఊరు కుమ్హారిలో కుక్కలు లేచి కూర్చుంటాయని నా లెక్క. ఊరి పెద్ద కర్మాగారం కాదు మాది. దాని నీడలో బతికే చిన్న యూనిట్లలో ఒకటి. రాయీ బొగ్గూ బెల్టుల మీద పోతుంటాయి. బెల్టుల కింద తిరిగే రోలర్లు మార్చడం నా మనుషుల పని. అంతకు ముందు బెల్టుకు కరెంటు ఆపించడం ఆయన పని. ఆయన ఎలక్ట్రికల్, నేను మెకానికల్. ఆయనది శ్రీకాకుళం వైపు, మా నాన్నది విజయనగరం. ఆ మాత్రం చుట్టరికానికి నన్ను "బావా" అంటాడు. ఏ పెళ్లి వల్ల బావనయ్యానో ఇప్పటికీ తెలీదు.

ఆయన దగ్గర ఒక మాట ఉంది. "కరెంటు ఆపేవా?" అని అడిగితే "ఆపేను" అనడు, "ఆపలేదు" అనడు.

"అయిపోయినట్టే బావా!"

ఆ "నట్టే"లో నా ప్రాణం ఇరుక్కునేది. నా మనుషులు బెల్టు కింద దూరి, పడుకుని, రోలర్లకు బోల్టులు తిప్పుతుంటే, ఎక్కడో స్విచ్చులుండే పానెల్ గదిలో "నట్టే" అనే తోక పట్టుకుని కరెంటు వేలాడుతుండేది. బెల్టు ఒక్కసారి కదిలితే మనిషి చెయ్యి మిగలదు. నేను బయట నిలబడి గోళ్లు కొరికేవాణ్ణి. గోళ్లు అయిపోయాక పెన్ను మూతలు కొరికాను. స్టోర్స్‌లో పెన్నులు అడిగితే నన్ను చూసి నవ్వేవారు.

ఆయన్ని మార్చాలనుకున్నాను. ముందు తీపితో. విజయనగరం నుంచి తెప్పించిన కాజాలు పెట్టెడు తినిపించాను. "బాగున్నాయి బావా, రేపు ఇంకొన్ని తే" అన్నాడు. తరువాత నీతితో. క్యాంటీన్లో అరగంట సేపు భద్రత గురించి ఉపన్యసించాను. చివర్లో "నీ గొంతు నిద్ర పట్టించేలా ఉంది" అన్నాడు. తరువాత మౌనంతో. రెండు షిఫ్టులు మాట్లాడలేదు, ఆయన గమనించలేదు. ఆఖరికి మేనేజరు దగ్గరికి వెళ్లి ఆయన అహంకారం, నిర్లక్ష్యం, నోటి దురుసు అన్నీ ఏకరువు పెట్టాను. మేనేజరు ఇద్దరినీ నిలబెట్టి "భయ్యా, ఆప్ దోనోం మిల్‌కే చలో" అన్నారు, ఇద్దరూ కలిసి నడవమని. బయటికొచ్చాక ఆయన నా వీపు తట్టి "విన్నావా? మిల్‌కే అంట. నువ్వే కలవటం లేదు" అన్నాడు.

ఇంట్లో అన్నంలోనూ ఆయనే, దిండు మీదా ఆయనే. స్మృతి నగర్లో మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ బుయ్యిమంటే ఉలిక్కిపడేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు గిన్నె పక్కన పెట్టేసింది.

"ఏటండీ, ఆయన మారితే గానీ మీరు నవ్వరా?"

"మారాలి కదా!"

"మారడు. ఇన్నాళ్లయింది, మీ కాజాలకే మారలేదు. అయితే రిటైరయ్యేదాకా ఇలాగే చచ్చిపోతారా?"

ఆ రోజు ఆదివారం, ఇద్దరం వైశాలి నగర్లో ఆవిడ చెల్లెలింటికి బయల్దేరాం. మా ఆవిడ మా గేటుకు తాళం వేసింది. వేసి, దాన్ని పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. మూడోసారి ఒంటి బరువంతా వేసి లాగింది. ప్రతిసారీ ఇంతే. ఏ దొంగా ఇంత కష్టపడి లాగడు.

"నువ్వే వేసేవు కదా, నువ్వే లాగుతావేటి?" అన్నాను.

"నేను వేసిన తాళమే నేను నమ్మను. మీరేమో పక్కోడు నోటితో అన్న మాట నమ్మీసి, ఆ పైన భయపడతారు. మీకు తాళం లేదేటండీ అక్కడ?"

ఉంది. నాకొక తాళం ఉంది. ఆపిన స్విచ్ మళ్లీ ఎవరూ వేయకుండా, ఆయన తాళం పక్కనే నాదీ పానెల్ మీద వేయాలని నియమమే ఉంది. కానీ పానెల్ గది బెల్టు నుంచి చాలా దూరం, నా పొట్టతో అది కాశీయాత్ర. అందుకని మా తాళాలన్నీ ఎలక్ట్రికల్ వాళ్ల చేతికిచ్చి, తాళంచెవులూ అక్కడే వదిలేసి, ఫోన్లో మాట అడిగి పని మొదలుపెట్టడం మా యూనిట్లో మామూలు.

దారి పొడవునా లెక్క వేసుకున్నాను. ఆయన నోరు నాది కాదు. ఆయన గర్వం, "నట్టే", బావ పిలుపు, ఏవీ నావి కావు. నావి రెండు కాళ్లు, ఒక తాళం, ఒక తాళంచెవి, "ఇప్పుడు కాదు" అనే మాట. నా మనుషులు నేను చెప్తేనే లోపలికి దూరతారు. అది పూర్తిగా నా చేతిలోదే.

మర్నాడు పొద్దున్న రోలర్ల పని. ఫోన్ చేశాను.

"అయిపోయినట్టే బావా!"

"సరే, వస్తున్నాను."

"ఎక్కడికి?"

"నీ దగ్గరికి. నా తాళం నేనే వేస్తాను."

"ఏటి, మామీద నమ్మకం లేదా? ఆ తాళం మీ ఇంటి బీరువాకి వేసుకో!"

ఇంతమందిలో పరువు పోతుందని భయం, తప్పు నాదే అవుతుందేమోనని భయం. నా మనుషులకు బెల్టు ముట్టుకోవద్దని చెప్పి నడిచాను. చెమటతో చొక్కా తడిసి, పానెల్ గదికి చేరేసరికి శివనాథ్ నదిలో మునిగి లేచినట్టున్నాను.

ఆయన టీ తాగుతున్నాడు. నేను మా బెల్టు స్విచ్ చూశాను. పిడి పైకే ఉంది. కరెంటు ఉంది.

రోజూలాగే ఫోన్ మాట నమ్మి ఉంటే, ఈపాటికి నా మనుషులు బెల్టు కింద వీపు ఆన్చి పడుకుని ఉండేవారు.

"ఇదేటి?" అన్నాను, చేత్తో చూపించి.

ఆయన గ్లాసు దించాడు. ముఖంలో ఒక్క క్షణం కంగారు కనబడింది. వెంటనే గొంతు తిరిగొచ్చింది.

"చెప్పేను కదా, అయిపోయినట్టే అని! అయిపోయింది అన్నానేటి?"

వ్యాకరణం ఆయన పక్షానే ఉంది. నేను అరవలేదు, అరిచినా ఆయన మారడు. "పిడి దించు, నీ తాళం వెయ్యి" అన్నాను. దించాడు, వేశాడు. పక్కన, అక్కడే పడున్న నా తాళం వేసి మా ఆవిడలాగే మూడుసార్లు లాగాను. "గేటు అనుకున్నావేటి బావా" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకున్నాను. మేనేజరుకు ఈసారి విశేషణాలు లేకుండా, పిడి ఎక్కడుందో మాత్రం చెప్పి, ఇకపై మా తాళం మేమే వేస్తామన్నాను. ఆయన "ఠీక్ హై" అన్నారు. సహోద్యోగి గురించి ఒక్క మాటా అడగలేదు, నేనూ చెప్పలేదు.

బెల్టు దగ్గరికి తిరిగొచ్చాక, అందరినీ దూరంగా నిలబెట్టి, కరెంటు నిజంగా పోయిందో లేదో తేల్చుకోడానికి స్టార్ట్ బటన్ నొక్కాను. నొక్కేముందు కళ్లు మూసుకున్నాను. బెల్టు కదల్లేదు. బటన్‌ను తిరిగి ఆపు స్థితిలో పెట్టి, అప్పుడు "వెళ్లండి" అన్నాను. సాయంత్రం లోపలున్నవాళ్లంతా బయటికొచ్చి నా ఎదుట నిలబడ్డాకే వెళ్లి తాళం తీశాను.

ఆయన మారలేదు. నిన్న కూడా ఫోన్లో అదే మాట, అదే గొంతు.

"అయిపోయినట్టే బావా!"

"అయితే బయల్దేరేను" అన్నాను.

భయం కూడా పోలేదు. తాళంచెవి జేబులో ఉన్నా, ప్యాంటు మీంచి తడుముకుంటూ నడుస్తాను. స్టార్ట్ బటన్ దగ్గరికొచ్చి కళ్లు మూసుకుని నొక్కుతాను, బెల్టు కదలకపోతే కళ్లు తెరుస్తాను.