కప్ప మాస్టారి ఆటల హాలు

కప్ప మాస్టారికి పదకొండేళ్లప్పుడు, అతిథులు చూస్తున్నారని కోచ్ ఆయన చేత మోయలేనంత బరువులు తగిలించిన ఇనుప బార్ ఎత్తించాడు. మూడోసారికి నడుములో ఏదో పటుక్కుమంది. చప్పట్లు మాత్రం ఆగలేదు. ఆ తర్వాత ఆయన ఏ పోటీకీ వెళ్లలేదు. ఎక్కువసేపు కూర్చోనూ లేడు.

అందుకే పెద్దయ్యాక మా క్లబ్బు హాల్లో పన్నెండేళ్లలోపు పిల్లలకు ఆయన నేర్పింది ఆటలే. వారానికి రెండు రోజులు. కప్ప గెంతులు, ఎలుగుబంటి నడక, తాడు లాగుడు, సుద్దగీత మీద ఒంటికాలి నిలకడ. కాస్త పెద్దవాళ్లకు చిన్న ఇసుక సంచీ. నడుము వంగిందా, సంచీ కింద పెట్టించేవాడు. పిల్లలు "ఇంకొక్కసారి మాస్టారూ!" అని గోల పెట్టగానే క్లాసు ముగించేవాడు.

"ఆ ఆకలి అలాగే ఎల్లుండి పట్టుకురండర్రా."

మా చెల్లికి తొమ్మిదేళ్లు. అందరికంటే దూరం గెంతేది. క్లబ్బు కార్యదర్శి కన్ను దాని మీద పడింది.

"ఎన్నాళ్లు మాస్టారూ ఈ కోతి చేష్టలు? పిల్లలో సరుకుంది. వార్షికోత్సవానికి ఎంత ఎత్తగలదో జనం చూడాలి."

"కోతి కాదండీ, కప్ప." పిల్లలు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. "బరువు ముట్టుకోవడం తప్పనను. ఎంతవరకు ఎత్తగలవో చూపించమనడం తప్పు. అన్ని ఆటలూ ఆడనివ్వండి. పెద్దయ్యాక తనే ఎంచుకుంటుంది."

కార్యదర్శి ఆ సాయంత్రమే చెల్లిని బరువులెత్తడంలో చేర్చే ఒప్పుకోలు కాగితంతో మా ఇంటికొచ్చాడు. నాన్న లేడు. అమ్మ నా వైపు చూసింది. సంతకం పెట్టింది నేనే.

మర్నాడు మాస్టారు హాలు గుమ్మంలో నా చెయ్యి పట్టుకున్నాడు. "రెండు మూడేళ్లు ఆగు నాయనా."

"మీకు దక్కలేదని దానికీ దక్కకూడదా?"

చెయ్యి వదిలేశాడు.

ఆ తర్వాత వారానికి ఆరు రోజులు, ఏడాదంతా చెల్లికి అదే బరువులెత్తుడు. నడుం నొప్పంటే కార్యదర్శి పెట్టిన కొత్త కోచ్ దొంగ సాకన్నాడు. నేనూ అన్నాను. వార్షికోత్సవానికి వారం ముందు డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి, వెన్నుపూసలో సన్నటి పగులు చూపించాడు. నెలల తరబడి నడుముకు పట్టీ. పగులు అతుక్కుంది. చెల్లి మాత్రం మళ్లీ గెంతలేదు. వీధిలో పిల్లలకు తాడు తిప్పుతుంది, తను దాటదు.

ఈలోగా మాస్టారి క్లాసు ఎత్తేశారు. హాల్లో ఇనుము చేరింది. ఆయనకు లాకర్ల తాళాలిచ్చే కౌంటరు మిగిలింది.

ఆయనను చివరిసారి చూసింది అక్కడే. చెల్లి క్లబ్బు కార్డు తిరిగి ఇవ్వడానికి వెళ్లాను. కుర్చీ పక్కకు నెట్టేసి నిలబడే ఉన్నాడు. క్షమించమందామనుకుని, కార్డు మాత్రం ముందుకు జరిపాను. ఆయన కార్డు తీసుకుని, దాని మీద ఫొటోను బొటనవేలితో తుడిచాడు.

"తనను ఓసారి తీసుకురా నాయనా. గెంతమని అడగనులే. మెత్తటి బంతొకటి దాచి ఉంచాను, ఊరికే విసురుకుందాం. 'ఇంకొక్కసారి' అని తను అనేదాకా ఉంటాను."