డెబ్బై ఐదు దాటాల్సిన దశరథం తాత

సూరత్‌లో కరెంటు పోతే మిల్లులన్నీ ఆగిపోతాయి. దశరథం తాత చేతికింద ఉన్న సాంచాలు మాత్రం, ఆయన ఏమంటాడోనన్న భయంతో, ఇంకో పావుగంట నడిచి అప్పుడు ఆగుతాయి. ఈ మాట ఆయన చెప్పుకున్నది కాదు. ఆయన మనవరాలు కరుణ, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్ గల్లీలన్నిటా చెప్పుకొచ్చింది. ఈ రాత కూడా ఆమెదే కాబట్టి కొంచెం తగ్గించి చదువుకోవచ్చు.

తగ్గించినా మిగిలేది తక్కువేం కాదు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. ముప్పై నాలుగేళ్లుగా వాటిని నడిపీ, బాగుచేసీ, గది బయట నిలబడి చప్పుడు వింటేనే ఏ సాంచాకు ఏ రోగమో చెప్పగలిగేవాడు తాత. అయితే పన్నెండు గంటలు నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. సరిగ్గా ఆ ఏడే ఖటోదరాలోని ఒక శిక్షణ కేంద్రంలో పని నేర్పే మాస్టరు ఉద్యోగం ఖాళీ అయింది. కుర్చీ ఉంటుంది, ఫ్యాను ఉంటుంది. కావలసిందల్లా ఆ కేంద్రం వాళ్లే ఇచ్చే ఆరునెలల సాంచా మెకానిక్ కోర్సు సర్టిఫికెట్, అందులో ‘ఏ’ గ్రేడు.

"గ్రేడు మనకు గాక ఎవరికొస్తది?" అంటూ తాత కొత్త చొక్కా తొడుక్కుని మొదటిరోజే వెళ్లి కూర్చున్నాడు. ఆయన వెనకాలే లక్ష్మీరాజం తాత కూడా చేరాడు. ఇరవై ఏళ్లు ఇద్దరూ ఒకే షెడ్డులో పనిచేశారు. లక్ష్మీరాజం పనిచేసే మిల్లులో పాసైన కాగితం చూపిస్తేనే పని ఉంచుతామన్నారు. గ్రేడుతో ఆయనకు పనిలేదు.

పాఠం చెప్పే ఉమాకాంత్ సారు లెక్క విప్పి చెప్పాడు. చేతిపనిలో పదకొండు పరీక్షలు. ఒక్కోదానికీ ‘వచ్చు’ అనో ‘ఇంకా రాలేదు’ అనో రాస్తారు. పదకొండూ వస్తే పాసు. రానిది మళ్లీ చేసి చూపించవచ్చు. దానికి మార్కులుండవు. గ్రేడంతా థియరీ పేపరు మీదే. యాభై ప్రశ్నలు, నూరు మార్కులు. నలభైకి పాసు, అరవైకి ‘బి’, డెబ్బై ఐదుకు ‘ఏ’.

"గంటల చేసేది పది నిమిషాలల్ల చేస్తే?" అని తాత అడిగాడు.

"వచ్చు అని రాస్తం కాకా."

"ఈ లక్ష్మీరాజం రెండు గంటలు చేస్తే?"

"చేతనైతే, వానికి గూడ వచ్చు అనే రాస్తం."

"మరి నాకు రెండుసార్లు రాయి."

సారు నవ్వి, అందరికీ ముందు ఒక చిన్న థియరీ పరీక్ష పెట్టాడు. అందులో వచ్చిన మార్కును బట్టి ఒక్కొక్కరి పేరు పక్కన చేరుకోవాల్సిన టార్గెట్ రాస్తారు. తాతకు ముప్పై నాలుగు వచ్చాయి. సారు ఆయన పేరు పక్కన అరవై అని రాశాడు.

"కొట్టెయ్ సారూ. డెబ్బై ఐదు రాయి."

"ముప్పై నాలుగుకెళ్లి డెబ్బై ఐదంటే కష్టం కాకా. టార్గెట్ అందకపోతే నన్ను గూడ అడుగుతరు."

"అడిగితే నా పేరు జెప్పు."

సారు కొట్టేసి రాశాడు. ఆ కాగితాన్ని గోడకు అంటించారు. అప్పటినుంచి తాత ఆ గోడవైపు చూడకుండా నడిచేవాడు.

ఇంట్లో చదివించే పని కరుణ మీద పడింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, చీరలు మడతపెట్టే పనిలో ఉంది. పుస్తకమూ పేపరూ హిందీలో. తాతకు హిందీ అక్షరాలు బస్సు బోర్డుల మేరకే వచ్చు. ఆమె మడతపెడుతూ అడిగేది, ఆయన తప్పు చెప్పేవాడు.

"షెడ్డులో తేమ ఎంత ఉండాలె తాతా? నాలుగు జవాబులున్నయ్."

"దారం ముట్టుకుంటే ఎరుకైతది. తక్కువుంటే నేలమీద నీళ్లు జల్లాలె."

"ముట్టుకునుడు అందుల లేదు. నాలుగు అంకెలున్నయ్."

"అంకె ముట్టుకుంటే ఏం ఎరుకైతదే?"

అయినా నేర్చుకున్నాడు. వంటింటి గోడ మీద బొగ్గుతో అంకెలు రాసుకుని, అన్నం తింటూ వాటికేసి కోపంగా చూసేవాడు. నాలుగో నెలకు యాభై ఆరు వచ్చాయి. ఐదో నెలకు అరవై ఎనిమిది.

రెండు పరీక్షలూ పెట్టడానికి సుభాషిణి మేడమ్ బయటినుంచి వచ్చింది. ముందు చేతిపని. తాత పది పనులు కనురెప్ప వేసేలోగా ముగించాడు. పదకొండోది దూది పీచు తుడవడం. నడుస్తున్న సాంచాలోనే చెయ్యి పెట్టి తుడిచేశాడు. ముప్పై నాలుగేళ్ల అలవాటు. మేడమ్ ‘ఇంకా రాలేదు’ అని రాసింది.

"నాకు తుడువ రాదా?"

"మీకు వేళ్లు అక్కర్లేదా బాబాయ్? ముందు ఆపాలి. మధ్యాహ్నం మళ్లీ చేయండి."

మధ్యాహ్నం ఆయన సాంచా ఆపి, ఆగిందని మేడమ్‌కు చూపించి, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచాడు. ‘వచ్చు’ వచ్చింది.

మిగిలింది థియరీ. పెద్ద హాలు లేదు కాబట్టి, ఒక గదిలో గోడలవెంట ఎదురెదురుగా బల్లలు వేశారు. తాతకు ఎదురుగా, పది అడుగుల దూరంలో లక్ష్మీరాజం. ఎవరూ నోరు విప్పలేదు.

ఫలితం చూసి సారు తల పట్టుకున్నాడు. దశరథానికి డెబ్బై ఆరు. లక్ష్మీరాజానికీ డెబ్బై ఆరే. తప్పు పోయిన పన్నెండు ప్రశ్నలూ ఇద్దరికీ అవే, రాసిన తప్పులూ అవే. మేడమ్ రెండు ఫలితాలూ ఆపేసింది.

"కాపీ ఎట్ల కొట్టిండ్రు కాకా? చీటీ లేదు, మాట లేదు," అన్నాడు సారు.

తాత మొహం చిన్నబోయింది. లక్ష్మీరాజం వంక చూశాడు. ఆయన కిటికీ వంక చూశాడు. అప్పుడు తాతకు వెలిగింది.

"మేడమ్, మీరు చెవులు మూసుకోండ్రి," అని, గొంతులోంచి చప్పుడు రాకుండా పెదాలు మాత్రం కదిపాడు. "లక్ష్మీరాజం, నేనేమన్న?"

"దొంగ ముండాకొడకా అన్నవ్," అన్నాడు లక్ష్మీరాజం తల దించుకుని.

సాంచాల షెడ్డులో చెవి పక్కన అరిచినా వినపడదు. అక్కడ పనిచేసేవాళ్లంతా పెదాలు చూసే మాట్లాడుకుంటారు. ఇక తాతకు పెదాలు కదపకుండా చదవడం రాదు. ప్రశ్ననూ జవాబునూ కూడా నోట్లో నములుతూ రాశాడు. లక్ష్మీరాజం పది అడుగుల దూరంలో కూర్చుని హాయిగా చూసి దించాడు.

మేడమ్ నవ్వు ఆపుకుని, వారం తర్వాత ఇద్దరికీ వేరే పేపరు, వేరే గదులు అంది. "ఈసారి వచ్చిందే లెక్క. ఆ డెబ్బై ఆరు పోయినట్టే."

ఆ వారమంతా తాతకు అన్నం సయించలేదు. ఇన్నాళ్లూ పెదాలతోనే బతికిన మనిషి, ఇప్పుడు వాటి మీదే అనుమానం. నోరు మూసుకుని చదవాలని నీళ్లు పుక్కిట పట్టి కూర్చున్నాడు. రెండో ప్రశ్నకే మింగేశాడు. కరుణ పకపకా నవ్వింది.

"వేరే గదుల గూసోబెడతరు తాతా. ఎవ్వలు జూస్తరు నీ మూతి? కదుపుకో."

"మల్ల అనుమానపడితే?"

"రుమాలు కట్టుకో."

మూతికి రుమాలు కట్టుకునే వెళ్లాడు. దాని వెనక గంటన్నరసేపు పెదాలు ఎలా ఆడాయో ఎవరికీ తెలియదు. బయటికొచ్చేసరికి రుమాలు తడిసిపోయింది.

డెబ్బై ఎనిమిది వచ్చాయి. లక్ష్మీరాజం సొంతంగా రాసి నలభై రెండు తెచ్చుకున్నాడు, పాసయ్యాడు. తాత ఇప్పుడు కుర్చీలో కూర్చుని పాఠం చెబుతున్నాడు. థియరీ పరీక్ష రోజున మాత్రం, కొత్తగా షెడ్లనుంచి వచ్చినవాళ్లను గోడవైపు తిప్పి కూర్చోబెడతాడు.

ఇదంతా రాసి కరుణ తాతకు చదివి వినిపించింది. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"లక్ష్మీరాజం మార్కులు నీకెందుకే? గవి కొట్టెయ్. నాయి ఉండనీ."