రెండుకూ మూడుకూ నడుమ

మా జనగామ లెక్కల సారును ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అంటే నేను ఊరుకునేదాన్ని కాదు. కొడకండ్ల దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్లను నేను. ఇంట్లో మా భాష వేరు, బస్సులో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య నలిగిపోతున్న నాకు ఇంటర్‌లో లెక్కలంటే భయం పోగొట్టింది ఆయనే. డిగ్రీ చేసినా, పీజీ చేసినా, మహబూబాబాద్‌లో ప్రైవేటు కాలేజీలో లెక్కల లెక్చరర్‌గా చేరినా, నా చేతి రాత దగ్గర్నుంచి బోర్డు తుడిచే తీరు దాకా అన్నీ ఆయనవే. అంతగా నెత్తిన పెట్టుకున్నాను.

అప్పట్లో మా కాలేజీలో రెండు రకాల సెక్షన్లు ఉండేవి. మేడ మీద స్టార్ బ్యాచ్. పెద్ద పెద్ద ఎంట్రన్సులకు తయారయ్యేవాళ్ళు. కింద రేకుల షెడ్డులో జనరల్ సెక్షన్లు. పదో తరగతిలో ఏ బడి నుంచి వచ్చామో చూసి చేర్చుకునేరోజే ఎవరు పైకో, ఎవరు కిందికో తేల్చేసేవారు. తండా పిల్లలం మాటాడకుండా కిందికే పోయేవాళ్ళం. పైన చెప్పేదీ ఆ సారే, కింద చెప్పేదీ ఆ సారే. అందుకే మాకు లోటేమీ లేదనుకునేవాళ్ళం.

e పవర్ x డెరివేటివ్ మళ్ళీ e పవర్ x అని ఆయన చెప్పిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. e అంటే ఒక సంఖ్య, సుమారు రెండు పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది. డెరివేటివ్ అంటే, x ను పిసరంత పెంచితే విలువ ఎంత పెరిగిందో చూసి, ఆ పెరుగుదలను ఆ పిసరుతో భాగించాలి. ఆ పిసరును సున్నా దగ్గరికి జరుపుతూ పోతే భాగఫలం ఎక్కడికి చేరుతుందో అదే డెరివేటివ్. పిసరు పేరు h. అలా చేస్తే e పవర్ x బయటికి వచ్చేస్తుంది. లోపల మిగిలేది e పవర్ h లోంచి ఒకటి తీసేసి h తో భాగించిన ముక్క. అది ఒకటికి చేరితే పని అయిపోయినట్టే. సారు e పవర్ h కు బదులు పెద్ద శ్రేణి రాశారు: ఒకటి, ప్లస్ h, ప్లస్ h స్క్వేర్ బై రెండు, అట్లా. ఒకటి పోయింది, h తో భాగించారు, మిగిలిన h లన్నీ సున్నా అయ్యాయి. ఒకటి వచ్చింది. మేమంతా నోళ్ళు తెరుచుకుని చూశాం.

నేను లేచి అడిగాను. "సార్, ఆ శ్రేణి ఏడికెళ్ళి అచ్చింది?"

"మంచిగడిగినవ్ బిడ్డా. ఇప్పుడు రాసుకో, తర్వాత చెప్త" అన్నారు.

మంచిగా అడిగావు అన్నందుకే పొంగిపోయాను. తర్వాత అనేది రాలేదు. రాలేదని నాకు అనుమానం కూడా రాలేదు. అలాగే నేర్చుకున్నాను, అలాగే గట్టెక్కాను.

ఈమధ్య భూపాలపల్లిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో లెక్కల పోస్టు పడింది. పక్కా ఉద్యోగం. నా మహబూబాబాద్ కాలేజీలో ఎండాకాలం వస్తే జీతం ఉండదు, జూన్‌లో మళ్ళీ రమ్మంటారో లేదో తెలియదు. నాలాంటిదానికి అలాంటి పోస్టు మళ్ళీ దొరకడం కల్ల. రాత పరీక్షలో నెగ్గాను. ఇక మిగిలింది డెమో క్లాసు. బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్పాలి, ముందు బెంచీలో పెద్దలు కూర్చుని మార్కులు వేస్తారు.

గదిలోకి అడుగుపెట్టి చూద్దును కదా, ముందు బెంచీలో మా సారు! జుట్టంతా నెరిసింది. సబ్జెక్టు తెలిసిన పెద్దమనిషిగా పిలిపించారట. నా అదృష్టం పండిందనుకున్నాను. నమస్కారం పెట్టాను. ఆయన ముక్తసరిగా తలూపి కాగితాలలోకి చూశారు. పరిచయం బయటపెడితే బాగుండదని అలా చేశారేమో, ఎంత పద్ధతైన మనిషి అని అప్పుడు కూడా మెచ్చుకున్నాను. నా పిచ్చిగానీ!

అందరికీ ఒకటే పాఠం ఇచ్చారు: e పవర్ x డెరివేటివ్. నవ్వొచ్చింది నాకు. సారు పాఠం సారు ముందే. ఆయన రాసినట్టే రాశాను, ఆయన ఆగినచోటే ఆగాను. శ్రేణి వేసి, ఒకటి తీసి, h తో భాగించి, ఇదిగో అని చూపించాను.

ఆయన పక్కన కూర్చున్న మేడం, ఆ కాలేజీ ప్రిన్సిపాల్, అడిగింది. "ఆ శ్రేణి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?"

"మెక్లారిన్ పద్ధతిలో మేడం. ప్రమేయానికి సున్నా దగ్గర డెరివేటివ్‌లు వరుసగా తీస్తే అన్నీ ఒకటే వస్తాయి."

"అన్నీ ఒకటే ఎందుకొస్తాయి?"

"e పవర్ x డెరివేటివ్ మళ్ళీ e పవర్ x కాబట్టి..."

అంటూనే నాకు తెలిసొచ్చింది. ఏది నిరూపించాలో దాన్నే పట్టుకుని నిరూపించాను. అలాకాదు, శ్రేణినే e పవర్ x కు నిర్వచనం అనుకున్నామని అందామా అంటే, e పవర్ x ప్లస్ h ను e పవర్ x, e పవర్ h ల గుణకారంగా విడదీయడం ముందుగా ఆ శ్రేణితోనే చూపించి ఉండాలి. అదీ నేను చేయలేదు. దిక్కుతోచక సారు వైపు చూశాను. ఆయన ఒక్క మాట అంటే చాలు, బయటపడతాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని, "ఎవరమ్మా నీకు గిట్ల చెప్పింది? గుండ్రంగ తిరిగి ఆడికే అచ్చినవ్ గదా" అన్నారు. పక్కవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వారు.

నా తల తీసేసినంత పనైంది. మీరే సార్ అని నాలుక చివరిదాకా వచ్చింది. గురువును నలుగురిలో అట్లా అనడం మా ఇంట్లో నేర్పలేదు. మింగేశాను.

డెమో అయిపోయినవాళ్ళు వెనక బెంచీల్లో విద్యార్థుల్లా కూర్చోవాలి. నా తర్వాత వచ్చిన పిల్లను చూడగానే గుర్తుపట్టాను. మా కాలేజీయే, మా సంవత్సరమే, మేడ మీది స్టార్ బ్యాచ్. ఆ పిల్ల e జోలికే పోలేదు. బోర్డు మీద రెండు పవర్ x రాసింది. పిసరంత పెంచి భాగించింది. రెండు పవర్ x బయటికి వచ్చింది, లోపల x లేని ముక్క ఒకటి మిగిలింది. అంటే అదొక స్థిరమైన సంఖ్య. లెక్కవేసి చూపించింది, సుమారు సున్నా పాయింట్ ఆరు తొమ్మిది. మూడు పవర్ x కూ అదే చేసింది. ఈసారి లోపలి సంఖ్య ఒకటి దాటి, సుమారు ఒకటి పాయింట్ ఒకటి దగ్గరికి పోయింది.

"రెండు, మూడు అట్లా ఏ బేస్ తీసుకున్నా డెరివేటివ్ దానికే ఏదో రెట్టు. రెండుకు ఆ రెట్టు ఒకటికి తక్కువ, మూడుకు ఎక్కువ. బేస్ కొద్దికొద్దిగా పెరిగితే రెట్టూ కొద్దికొద్దిగా పెరుగుతుంది. కాబట్టి నడుమ ఎక్కడో సరిగ్గా ఒకటి అయ్యే బేస్ ఉండాలి, అదీ ఒక్కటే. దానికే మనం e అని పేరు పెట్టుకున్నాం" అంది. "e పవర్ x డెరివేటివ్ e పవర్ x ఎందుకైంది అంటే, అట్లా అయ్యేదాన్నే ఏరి e అన్నాం కాబట్టి."

ఇన్నేళ్ళు నేను ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్న సంఖ్య ఇదా!

ప్రిన్సిపాల్ మేడం మెచ్చుకుని, ఎక్కడ చదివావని అడిగింది. ఆ పిల్ల మా సారు వైపు చేయి చూపించి, "ఇంటర్‌లో సారే చెప్పిన్రు మేడం" అంది. సారు మొహం వెలిగిపోయింది. ఈసారి పరిచయం దాచుకోవాలని ఆయనకు తోచలేదు.

సాయంత్రం హనుమకొండ బస్సెక్కాను. కండక్టర్‌కు ఆధార్ చూపించి ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ తీసుకుంటుంటే, వెనక నుంచి "జర జరుగు బిడ్డా" అని వినిపించింది. మా సారు. ఆయనా జనగామ పోవాలంటే ఆ బస్సే.

"కొడకండ్ల పిల్లవు గదా నువ్వు. షెడ్డుల మొదటి బెంచీ" అన్నారు కూర్చుంటూ.

అంటే గుర్తుంది!

"గుర్తుపట్టి కూడ, ఎవరు చెప్పిన్రని అడిగిన్రా సార్?"

"మరి ఏమనాలె? నేనే చెప్పిన అంటే ఆడ నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నారు. ఏ బరువూ లేకుండా అన్నారు. "మార్కులు గూడ నేనే తక్కువేసిన. ఏం అనుకోకు. తప్పు తప్పే గద."

"ఆ పిల్లకు చెప్పింది మాకెందుకు చెప్పలే?"

"అది స్టార్ బ్యాచ్ గదమ్మా. ఆల్ల పరీక్షల ఎందుకు అని అడుగుతరు. మీకు ఫార్ములా అస్తె పాసైతరు. అన్నీ చెప్తె బెదురుతరని అనుకున్న. మీ మంచికే."

"నేను అడిగిన సార్. ఏడికెళ్ళి అచ్చిందని. తర్వాత చెప్త అన్నరు."

రేగొండ వచ్చింది. పత్తి సంచులతో నలుగురు ఎక్కారు. సారు ఏమనుకున్నారో, "ఇప్పుడు చెప్పనా?" అని నా వైపు తిరిగారు.

వద్దని లేచి వేరే సీటుకు పోవాలి నేను. కానీ తెలుసుకోవాలన్న పాడు ఆశ చావలేదు. "నడుమ ఉన్నదని తెలిసింది. అది రెండు పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది అని ఎట్ల పట్టుకున్నరు?" అన్నాను.

ఆయన కళ్ళల్లోకి పాత వెలుగు వచ్చింది. నా ఫోన్ తీసుకున్నారు. "e పవర్ h లకెళ్ళి ఒకటి తీసి h తోని భాగిస్తె ఇంచుమించు ఒకటి గావాలె, అవునా? అంటే e పవర్ h ఇంచుమించు ఒకటి ప్లస్ h. మరి e ఏమైతది? ఒకటి ప్లస్ h ను, ఒకటి బై h సార్లు గుణించుడు. h పదో వంతు పెట్టు." ఒకటి పాయింట్ ఒకటిని పదిసార్లు గుణించారు. రెండు పాయింట్ ఐదు తొమ్మిది. "నూరో వంతు పెట్టు." రెండు పాయింట్ ఏడు సున్నా. "వెయ్యో వంతు." రెండు పాయింట్ ఏడు ఒకటి ఆరు. "పిసరు ఎంత చిన్నగైతె గంత దగ్గరికి. జూసినవా, ఎట్ల జరుగుతున్నదో!"

ఎంత బాగా చెప్పారని! శ్రేణి లేదు, గుండ్రంగా తిరగడం లేదు. పరకాల ఇంకా రానే లేదు, పాఠం అయిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. చేతగాక చెప్పలేదనుకున్నా ఓర్చుకునేదాన్ని. ఇంత చక్కగా చెప్పగలిగిన మనిషి, మమ్మల్ని చూసి, వీళ్ళకెందుకులే అనుకున్నాడు.

ఆయన నా మొహం చూడలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ, షెడ్డులో ప్రతి పాఠం చివరా అడిగినట్టే, "సమజైందా?" అన్నారు.

"అయింది సార్" అన్నాను. "అప్పుడు చెప్తే గూడ అయ్యేది."