అత్తయ్య కోసం ఆగే పల్లవి

దేవునికి స్తోత్రం. కన్నీళ్ళు ఇచ్చి, వాటి వెనకే నవ్వును కూడా దాచి, వేళకు తీసి చేతిలో పెట్టే తండ్రికి మహిమ. ఈ నాలుగు మాటలూ ఆయన చేసిన మేలు చెప్పుకోవడానికే.

మొన్న ఆదివారం సాయంత్రం తెనాలి నుంచి చేబ్రోలు వెళ్ళాను. మా సంఘంలో ఒకావిడ చిన్నాన్న పోయారు. ఆ ఇంట ఆదరణ కూడిక. సమాధి చేసిన కొన్నాళ్ళకు అయినవాళ్ళను కూర్చోబెట్టి, పాట పాడి, వాక్యం చెప్పి, ప్రార్థన చేసి, కడుపునిండా అన్నం పెట్టి పంపడం మాలో అలవాటు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో చివర కూర్చున్నాను. నన్నెరిగిన వాళ్ళు ఒకరిద్దరే. పాట ఎత్తుకున్నారు. వింటే అది నేను రాసిందే! ఎలా అక్కడిదాకా వచ్చిందో తెలియదు. పల్లవి చివరికి వచ్చేసరికి తబలా నడుస్తూనే ఉంది కానీ గొంతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. ఆ ఖాళీలో ఒక పెద్దాయన ఒక్కడే చివరి మాట పాడాడు, తర్వాత అందరూ అందుకున్నారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకుని పక్కావిడ వీపు నిమిరింది. నేను నవ్వాపుకోలేక చస్తున్నాను. ఎందుకంటే, ఆ ఖాళీ రేపల్లెలో మా మేనత్తది.

మా అత్తయ్య దేనికైనా ఒక అడుగు వెనక. జోకు చెబితే అందరూ నవ్వి, మంచినీళ్ళు తాగి, వేరే సంగతిలో పడ్డాక ఆవిడ నవ్వేది. ఆ నవ్వు చూసి మేం మళ్ళీ నవ్వేవాళ్ళం. గుళ్ళోనూ అంతే. రేపల్లె గుడిలో పాట ఎత్తేది మా మామయ్య. కంచుగొంతు. సంఘమంతా ఆయన వెంట పాడి పల్లవి ముగించి ఊపిరి తీసుకునేలోపు, ఆడవాళ్ళ వైపు నుంచి అత్తయ్య గొంతు చివరి మాటను తీరుబడిగా సాగదీస్తూ వచ్చేది. మామయ్య తల తిప్పి చూసేవాడు. అది ముగిసేదాకా చరణం మొదలయ్యేది కాదు. ఇంటికొచ్చాక, "నీ ఒక్కదాని కోసం దేవుడు కూడా కాచుకోవాల్సొస్తందే" అని దెప్పేవాడు. "కాచుకుంటాడు లెండి, ఆయనకేం తొందర?" అనేది ఆవిడ.

అలాంటి మనిషి ఏ ఆలస్యమూ లేకుండా, మధ్యాహ్నం నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మామయ్య పాట మానేశాడు. సమాధి దగ్గర పాడలేదు, ఇంటి ప్రార్థనలో పాడలేదు, ఆదివారం గుళ్ళో పాట ఎత్తలేదు. ఆదరణ కూడిక పెట్టాలన్నప్పుడు, "వాక్యం చెప్పించండి, భోజనాలు పెట్టండి. పాటొద్దు" అన్నాడు. వాళ్ళ కూతురు, మా వదిన, బాపట్లలో పిల్లలకు సంగీతం చెబుతుంది. ఆవిడ నాకు ఫోన్ చేసింది. "నువ్వు ఒక పాట రాయాలమ్మాయ్. ఊళ్ళోవాళ్ళు మెచ్చుకోకపోయినా ఫర్వాలేదు. నాన్న నోరు తెరవాలి. పాడకుండా ఇట్టాగే ఉంటే నాన్న కూడా మిగలడు" అంది.

నేను వెంటనే నది దాటడం, ఆరని దీపం, రాలిన పువ్వు, అన్నీ పోగేసి మూడు చరణాలు రాసి బాపట్ల పట్టుకెళ్ళాను. వదిన హార్మోనియం ముందు కూర్చుని రెండు పాదాలు పాడి ఆపేసింది. "ఇంత పొడుగు పాదం ఏడ్చి ఏడ్చి ఉన్నోళ్ళు ఏం పాడతారు? ఊపిరి చాలొద్దూ? పొట్టిగా రాయి. పల్లవీ చరణమూ దీర్ఘం మీద దించు, గొంతు వణికినా కలిసిపోద్ది." వాళ్ళమ్మ పేరు పల్లవిలో వద్దంది. పేరు పెడితే అది మన ఇంటి పాటే అవుతుంది, పైగా స్తుతి పోయినవాళ్ళకు కాదు, దేవునికి అంది. నేను శివరంజని రాగంలో కడదామన్నాను. "అమ్మో! ఊరంతా ఘొల్లుమంటది. మోహన రాగం చాలు. పై షడ్జం దాటనివ్వను, అంతకన్నా ఎత్తు అందరి గొంతుకీ అందదు" అంది. "దేవుడు తీసుకుపోయాడు" అన్న మాట మీద వేలు పెట్టి, "ఇది దొంగతనంలా లేదూ?" అంది. మరదలినని కనికరం లేదు. చివరికి పాటలో ముందు ఏడవనిచ్చి, ఆ తర్వాతే ఆశ చూపాలని ఇద్దరం ఒప్పుకున్నాం. ఏడుపును దాటేసి ఆశకు దూకితే, ఏడుస్తున్నవాళ్ళు వెనకే ఉండిపోతారు.

మిగిలిన కాగితంతో రేపల్లె వెళ్ళాను. నేను చదివి వినిపిస్తుంటే మామయ్య అరుగు మీద కూర్చుని, వింటున్నట్టే లేడు. 'ఆరని దీపమై' అనేసరికి మాత్రం తలెత్తాడు.

"దీపమేంటమ్మాయ్? మీ అత్త ట్యూబ్‌లైటు. మనం నవ్విన పావుగంటకి వెలిగేది."

నేను పకపకా నవ్వాను. ఆయన మీసం కూడా కదిలింది. ఇంటి ముందు చేలో అప్పుడే నాట్లు పడ్డాయి. నారుమడి నుంచి తెచ్చి నాటిన మొక్కలు పసుపు రంగుకు తిరిగి తలలు వాల్చి ఉన్నాయి. ఆయన వాటినే చూస్తూ అన్నాడు: "ప్రతేడూ ఇదే గోల దానికి. నాటిన మర్నాడు చేను చూసి, చచ్చిపోయినయ్యేమోనండీ అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఆగవే, వేరు పట్టనియ్, అయ్యే లేస్తయ్ అని నేను చెప్పాలి. ప్రతేడూ చెప్పాలి."

చెప్పాక, తన మాట తనకే వినబడినట్టుంది. నేను నదినీ దీపాన్నీ పువ్వునూ అక్కడే చించేసి, కాగితం వెనక రాశాను.

నారుమడి నుండి నీ పొలములోనికి
ప్రియులను నాటినావు తండ్రీ

తీసిన చోట తడి ఆరలేదు
మా కంట నీరు ఆగలేదు
ఖాళీ మడిని చేతితో నిమిరి
మాతో కూర్చుండు తండ్రీ

వాడిన తలలే లేచి నిలుచును
వేరులు నీలో ఊనుకొనును
కోతల పాట కలిసి పాడగా
మమ్మును చేర్చుము తండ్రీ

మామయ్య చూసి, "బానే ఉంది" అన్నాడు. పాడతాననలేదు.

కూడిక రోజు వదిన పాట ఎత్తింది. మామయ్య ముందు వరసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించి ఉన్నాడు. సంఘం ఒక పాదం విని ఒక పాదం పలికింది. పల్లవి ముగిసింది. ముగిశాక ఎవరూ చరణం అందుకోలేదు! ఎవరూ అనుకుని చేసింది కాదు. ఎన్నో ఏళ్ళ అలవాటు. అందరూ ఆవిడ గొంతు కోసం ఆగారు. వదిన చేతులు హార్మోనియం మీదే ఉండిపోయాయి. తబలా అబ్బాయి మాత్రం తాళం వదల్లేదు. అందరికీ ఒకేసారి సంగతి తట్టి, ఆడవాళ్ళ వైపు ఎవరో వెక్కబోయారు. అప్పుడు ముందు వరస నుంచి, బొంగురుగా, అచ్చం అత్తయ్యలాగే సాగదీస్తూ వచ్చింది: "నాటినావు తండ్రీ..."

మామయ్య! ఏడుస్తూ పాడాడు, పాడుతూ నవ్వాడు. తర్వాత చరణం ఆయనే ఎత్తాడు. షామియానా ఎగిరిపోయేట్టు పాడాం. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్పడానికి లేచి, "ఇంకోసారి పాడదామా?" అన్నారు. ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర అత్తయ్య ఆలస్యాల గురించి చెప్పుకుని నవ్వని మనిషి లేడు. మామయ్య ఇప్పటికీ రేపల్లెలో పాట ఎత్తుతున్నాడు, పల్లవి చివర ఆగుతున్నాడు. అక్కడ నేర్చుకున్నవాళ్ళు ఆ ఆగడం కూడా పాటలో భాగమే అనుకుని పట్టుకెళ్ళినట్టున్నారు.

చదువుతున్న మీ ఇంట్లోనూ ఒక కుర్చీ ఖాళీగా ఉండొచ్చు. నాతో కలిసి ఒక్క మాట ప్రార్థించండి: తండ్రీ, వాడిన తలలు లేచేదాకా మా పక్కన కూర్చో, ఆగడం మాకు నేర్పు, ఆమేన్. కాలం ఎవరి కోసమూ ఆగదంటారు గానీ, చేబ్రోలులో ఆ సాయంత్రం, అత్తయ్య మొహమైనా చూడని మనుషులు ఆవిడ కోసం ఒక తాళం సేపు ఆగడం నేను చూశాను.