పనిచేసే బోర్డులు

గుంటూరులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు అప్పట్లో నాదీ, నా స్నేహితుడిదీ. రిపేర్లు నావి, బయటి వ్యవహారాలు వాడివి. ఐటీఐలో ఒకే బెంచీ మీద కూర్చున్నప్పటి నుంచి వాణ్ణి నమ్మినంతగా నేను మా ఇంట్లోవాళ్లను కూడా నమ్మలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక కాలేజీ తన ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లను వదిలించుకుంటోందని కబురు తెచ్చింది వాడే. దర్శి దగ్గర ఒక పల్లెలో ఆడపిల్లల హైస్కూలుకు ఇద్దామన్నది నేను. ఆ స్కూలు హెడ్‌మిస్ట్రెస్ అంతకు ముందే మా కొట్టుకు వచ్చి, "మా పిల్లలు కంప్యూటర్ని పుస్తకంలో బొమ్మగానే చూశారండీ" అని వెళ్లారు. బాగుచేసి ఇస్తానని ఆవిడకు మాటిచ్చాను.

కాలేజీవాళ్లు సరుకు మాకే ఇచ్చారు గానీ, అడిగినవాళ్లకు మాత్రం "రీసైక్లింగ్‌కి ఇచ్చేశాం" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. బోర్డును కరిగిస్తే రాగి వస్తుంది, పిసరంత బంగారం వస్తుంది. ఆ రాగిని బోర్డుగా మార్చడానికి ఎంతమంది ఎంత పని చేశారో అదంతా పొగలో కలిసిపోతుంది. నేననుకున్నది వేరు. కంప్యూటర్ కంప్యూటర్‌గానే బతకాలి. చచ్చిన మిషన్‌లోని ర్యామ్ పక్క మిషన్‌కు పోవాలి. ఉబ్బిన కెపాసిటర్లు పీకి కొత్తవి వేస్తే బోర్డు లేచి కూర్చుంటుంది. స్కూల్లో పాడైతే తిరిగి మా కొట్టుకే రావాలి, అందులో బాగున్న భాగం ఇంకో మిషన్‌లోకి ఎక్కాలి. ఇక దేనికీ పనికిరానిదే కరిగించేవాడి దగ్గరకు వెళ్లాలి. ఇదంతా వాడికి టీ తాగుతూ వందసార్లు చెప్పి ఉంటాను. వాడు బుద్ధిగా తల ఊపేవాడు.

వేసవంతా కూర్చుని బోర్డులకు ప్రాణం పోశాను. దర్శి రోడ్డు గతుకులకు విరుగుతాయని వాటిని డబ్బాల్లోంచి ఊడదీసి, పాత పేపర్లలో చుట్టి, మిరపకాయల ఖాళీ గోతాల్లో సర్దాను. మా ఊళ్లో ఏం కట్టాలన్నా ఆ గోతాలే. ఎంత దులిపినా ఘాటు పోదు, తుమ్ముతూనే కట్టాను. చక్కగా ఊడదీసి, ఏరి, మూటగట్టిన సరుకు ఎవరికి ముద్దొస్తుందో నాకు తట్టలేదు.

స్కూల్లో వైరింగు చూసి వద్దామని నేను ముందుగా వెళ్లాను. తిరిగొచ్చేసరికి కొట్టు ఖాళీ.

"లారీకెక్కించేశాలేరా, రేపో ఎల్లుండో చేరతాయి" అన్నాడు వాడు.

మర్నాడు ఫ్యాను కోసం ఊరి చివర పాత సామాన్ల గోడౌనుకు వెళ్లాను. గేటు దగ్గరే కళ్లు మండి దగ్గు తెర పట్టుకుంది. లోపల అందరూ మూతికి గుడ్డలు కట్టుకుని తిట్టుకుంటున్నారు. పొయ్యి కింద మంటకు గోతాలు వేశారు, మిరప గోతాలు. పైన ఇనపరేకు మీద బోర్డులు కాలుతున్నాయి. సీసం కరగగానే తిరగేసి కొడుతుంటే చిప్పులు జలజలా రాలుతున్నాయి. ఒక బోర్డు మీద నేను వేసిన కొత్త కెపాసిటర్లు చూశాను. నా కళ్లలో నీళ్లు మిరప ఘాటువి మాత్రం కావు.

పరుగున కొట్టుకు వచ్చాను. "ఒరేయ్, అవి పనిచేసే బోర్డులురా!"

"ఏరా, ఎందుకలా అరుస్తావ్? చెత్తకుండీలో పారేశానా? రీసైక్లింగేగా చేయించింది. నువ్వు రోజూ చెప్పేదీ అదేగా. ఇకనుంచి కాలేజీల సరుకంతా నా చేతి మీదుగానే ఆ గోడౌనుకి పోద్ది, మాట్లాడేశా" అన్నాడు.

అర్థం కాక అన్న మాట కాదది. నా మాటలన్నీ వినీ విని, వాటినే తెచ్చి నా నోటికి అడ్డం పెట్టాడు. ఆ రోజే కొట్టు వదిలేశాను.

స్కూలుకు వెళ్లి నిజం చెప్పక తప్పలేదు. గదికి వెల్ల వేసి ఉంది. పిల్లలు పాత ఓణీలు కత్తిరించి కంప్యూటర్లకు ముసుగులు కుట్టి, బల్లల మీద మడతపెట్టి ఉంచారు. గొంతు సవరించుకున్నాను.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను వరండాలోకి తీసుకెళ్లారు. "మీరేం చెప్పనక్కర్లేదండి. మీ ఫ్రెండు గారు ఫోన్ చేశారు. మీకేదో అవసరం పడి అమ్ముకున్నారటగా. మనిషన్నాక అవసరాలుంటాయి" అన్నారు.

ఆవిడ గొంతులో కోపం లేదు. అదే ఉంటే బాగుండేది, ఎదురు చెప్పేవాణ్ణి.

"పిల్లలకి మాత్రం లారీ బోల్తాపడిందని చెప్పానండి. వాళ్లకి మీరంటే గురి. కాసేపు కూర్చుని వెళ్లండి" అంటూ కుర్చీ జరిపారు.