పెరుగు కప్పుల లెక్క

1997 ఆగస్టు 12, మంగళవారం. హాజరు: నేను, ఆటోనగర్‌లో భోజన హోటల్ నడిపే మా బావ, గల్లాపెట్టె దగ్గర మా చెల్లెలు, అప్పు దరఖాస్తు చూడవచ్చిన బ్యాంకు ఆఫీసరు.

పై అంతస్తు అద్దెకు తీసుకోవాలని బావ ఆరాటం. మర్నాటిలోగా ఏదో ఒకటి చెప్పకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానని ఇంటి యజమాని గడువు పెట్టాడు. బావ లెక్క సులువు: నలభై ఎనిమిది కుర్చీలు, గంటకో బంతి, రోజుకు ఎనిమిది గంటలు. పైన కూడా అంతే.

ఆఫీసరు ఆ లెక్క వేసిన కాగితం మడిచి, "నాలుగింటికి ఎవరు తింటారండీ భోజనం? ఈగలా?" అన్నాడు.

"అలాగనీస్తే ఎలా సార్?" అన్నాడు బావ.

ఉక్కు కర్మాగారంలో నా పనే ఏ పనికి ఎంతసేపు పడుతుందో కొలవడం. గడియారం చూసుకుంటూ మూల టేబుల్ దగ్గర కూర్చున్నాను. వర్క్‌షాపుల జనం పన్నెండున్నరకు మొదలై రెండున్నరకల్లా అయిపోయారు. ఆ రెండు గంటల్లో ఒక్కో కుర్చీకి మూడు బంతులు. నలుగురి టేబుల్‌ను ఇద్దరో ఒక్కరో పట్టేస్తుంటే, సగటున నలభై కుర్చీలే నిండాయి. అంటే నూట ఇరవై భోజనాలు. సగటు బిల్లు పాతిక, మొత్తం మూడు వేలు. మిగతా వేళల్లో ముప్పై మందికి మించరని చెల్లెలు చెప్పింది.

కానీ మధ్యలో నన్నొకటి కుర్చీలోంచి లేపింది. బంతికి నలభై నిమిషాలు పడుతుంటే, అందులో పది నిమిషాలు జనం తినడం లేదు. చెయ్యి ఆరబెట్టుకుని పెరుగు బకెట్ కోసం చూస్తున్నారు. సాంబారు, పెరుగు రెండూ తిప్పేది ఒక్కడే.

"బావా, నా పక్కనున్న ఈ రెండు టేబుళ్ళకీ పెరుగు గ్లాసుల్లో పోసి ముందే పెట్టించు."

"ఏటి సేత్తన్నావ్ బావా, ఇది పెళ్ళి బంతేటి?" అంటూనే పెట్టించాడు. ఆ రెండూ అరగంటకే ఖాళీ అయ్యాయి. ఆఫీసరు కూడా తన వాచీ చూసుకున్నాడు.

అరగంటకో బంతి అయితే రెండు గంటల్లో నాలుగు. నూట అరవై భోజనాలు, నాలుగు వేలు.

"మరి ఆ నలభై మంది ఎక్కణ్ణుంచి వస్తారు?" అన్నాడు ఆఫీసరు.

"గుమ్మం కాడ నిలబడి విసుగెత్తి పోయేవోళ్ళు రోజూ అంతమందుంతారు సార్. నాను చూత్తనే ఉంతాను," అంది చెల్లెలు.

ఆటోనగర్‌కు ఆదివారం సెలవు కాబట్టి నెలకు ఇరవై ఆరు రోజులే వేశాం. పై అంతస్తు కూడా నిండేది ఆ రెండు గంటలే. పైగా తిరిగిపోయేవాళ్ళు కింద కుర్చీల్లోనే సర్దుకుంటే, పైన కూర్చోవడానికి మనిషే లేడు. అద్దె, వాయిదా ఎక్కడినుంచి వస్తాయి? బావ కాగితం తిరగేసి మరోసారి గుణించాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు.

మర్నాడు పొద్దున్నే వన్ టౌన్ హోల్‌సేల్ కొట్టు తెరిచేసరికి మేమిద్దరం గుమ్మంలో ఉన్నాం. పెరుగు పోయడానికి కొన్న స్టీలు కప్పుల మూటతో తిరిగొస్తే ఇంటి యజమాని హోటల్ ముందు నిలబడి ఉన్నాడు.

"మేడ ఇంకెవరికైనా ఇచ్చీండి బాబూ," అన్నాడు బావ, ఆటో దిగకుండానే. "ముందు ఈ మూటకో సెయ్యెయ్యండి."